మీ మిద్దె తోట పోస్టు అవసరమైనవాళ్ల కంటపడాలంటే: విషయం, హ్యాష్‌ట్యాగులు ఎంచుకునే పద్ధతి

పొద్దున్నే మేడెక్కి, కుండీలో కాసిన మిరపకాయల ఫొటో తీసి, "నా చిట్టి తోట" అని రాసి, కింద #gardening #nature #plants #green #instagood అని పెడతారు. సాయంత్రం చూస్తే లైకులు కొట్టింది మీ పిన్ని, మీతో చదువుకున్న ఇద్దరు, ఎక్కడో వేరే దేశంలో పూలకుండీలు అమ్మే పేజీ ఒకటి. అదే రోజు, మీకు రెండు వీధుల అవతల, ఒకావిడ తన మిరప మొక్క ఆకులు ఎందుకు ముడుచుకుంటున్నాయో తెలియక ఫోన్‌లో వెతుకుతూ ఉంటుంది. మీకు ఆ జవాబు తెలుసు. కానీ మీ పోస్టు ఆవిడకు కనబడదు. ఎందుకంటే ఆవిడ వెతికిన మాట మీ పోస్టులో ఎక్కడా లేదు.

ఈ రెండు వీధుల దూరం ఎలా దాటాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉదాహరణకు ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగు మిద్దె తోట పేజీ తీసుకుంటున్నాను. నాకు బాగా తెలిసినది అదే.

ముందుగా ఒక సంగతి. హ్యాష్‌ట్యాగు ఒకప్పుడు చేసిన పని ఇప్పుడు చేయడం లేదు. ఇదివరకు జనం తమకు నచ్చిన ట్యాగును ఫాలో అయ్యేవారు, ఆ ట్యాగుతో వచ్చిన పోస్టులు వాళ్ల ఫీడ్‌లోకి వచ్చేవి. ఆ సదుపాయాన్ని 2024 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ తీసేసింది. ఒక పోస్టుకు 30 దాకా పెట్టుకోనిచ్చిన ట్యాగులను 2025 చివర్లో 5కు కుదించింది. ట్యాగు ఇప్పుడు పోస్టు దేని గురించో చెప్పే చీటీ లాంటిది, అంతే. జనాన్ని లాక్కొచ్చే పని పోస్టులోని విషయం, దాన్ని చెప్పిన మాటలు చేస్తాయి. అందుకే పని విషయంతో మొదలుపెట్టి, ట్యాగులను చివర్లో పెట్టుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

1. వెతికేవాళ్ల నోటి మాట పట్టుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు మిద్దె తోటల గురించి జనం అడిగే ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో అడిగేవి, పెద్ద తోట ఛానెళ్ల వీడియోల కింద కామెంట్లలో అడిగేవి, పక్కింటివాళ్లు గోడ మీదుగా అడిగేవి అన్నీ రాయండి. సరిదిద్దకండి. "మొక్క డల్ గా ఉంది" అంటే అలాగే రాయండి.

అన్నిటికంటే మంచి చోటు మీ పక్క వీధి నర్సరీ. నేను మొక్కలు కొనే నర్సరీ ఆయన్ని ఒకసారి అడిగాను, "అన్నా, మిరప మొక్కకు మందు కావాలని వచ్చేవాళ్లు ఏమని అడుగుతారు?" అని. ఆయన ఆలోచించకుండా చెప్పాడు: "ఆకు ముడుచుకుపోతోంది అంటరు. లేకపోతే బొబ్బర వచ్చింది అంటరు. త్రిప్స్ అని ఎవరూ అడగరు. ఆ పేరు తెలిస్తే నా దగ్గరికెందుకొస్తరు?"

ఆ చివరి మాట మనకు కావలసిన కీలకం. జబ్బు పేరు తెలిసినవాళ్లు వెతకరు. వెతికేవాళ్లకు ఆ పేరు తెలియదు, కంటికి కనబడిన లక్షణాన్నే వెతుకుతారు. కాబట్టి పోస్టు విషయం లక్షణం పేరుతోనే ఉండాలి. త్రిప్స్‌నే తెలుగులో తామర పురుగులంటారు. "మిరపలో తామర పురుగుల నివారణ" అంటే తెలిసినవాళ్లకు పాఠం. "మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయా" అంటే అవసరమైనవాళ్లకు జవాబు.

నోటుపుస్తకంలో చేరిన మాటలను సెర్చ్ పెట్టెలో సగం సగం టైపు చేసి చూడండి. యూట్యూబ్‌లో mirapa అని కొట్టి ఆగితే కింద వరుసగా సూచనలు వస్తాయి. అవి జనం వెతికే మాటల నుంచి వచ్చేవే. తర్వాత మిరప అని తెలుగు లిపిలో కొట్టి చూడండి. రెండు జాబితాలు ఒకేలా ఉండవు. మన జనం తెలుగులో ఆలోచించి ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కోలా: aku mudatha, aaku mudata, chilli leaf curl telugu. ఏ రూపం ఎక్కువసార్లు ఎదురైందో దాని పక్కన గీత పెట్టుకోండి. క్యాప్షన్ రాసేటప్పుడు పనికొస్తుంది.

2. ఒక్క జవాబు సరిపోయేదాకా విషయాన్ని చిన్నది చేయండి

"మిరప పెంపకం" అనేది విషయం కాదు, అది పుస్తకం. దాన్ని చిన్నది చేసుకుంటూ పోవాలి. మిరప పెంపకం, అందులో కుండీ మిరప, అందులో తెగుళ్లు, అందులో ఆకు ముడత. ఇక్కడ కూడా ఆగకూడదు. ఎందుకంటే ఆకు ముడత ఒకటి కాదు.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది సాధారణంగా తామర పురుగు పని. రైతులు పై ముడత అంటారు. ఆకు కిందికి వంగి, తిరగేసిన పడవలా అయి, కాడ సాగినట్టు కనబడితే అది నల్లి పని, కింది ముడత. ఆకులు చిన్నవై, గిడసబారి, పసుపు తిరిగి మొక్క అంతా గుబురుగా మారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయి ఉండొచ్చు, అదే బొబ్బర. మూడింటికీ చేయాల్సిన పని వేరు. తామర పురుగుకు, మొదట్లోనే అయితే, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త సబ్బు ద్రావణం చేర్చి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టొచ్చు. నల్లి అనేది పురుగుల జాతి కాదు, సాలీడు జాతి. అందుకే చాలా పురుగుమందులు దాని మీద పనిచేయవు, గంధకం పనిచేస్తుంది. వైరస్ వస్తే మందు లేదు, మొక్క పీకేయడమే.

ఇప్పుడు చూడండి, ఒక్క "ఆకు ముడత" మూడు పోస్టులయ్యింది. మూడూ ఒకే పోస్టులో కుక్కితే చదివినావిడ తన మొక్క ఏదో తేల్చుకోలేక దాటిపోతుంది. విడివిడిగా పెడితే, పైకి ముడిచిన ఆకు ఫొటో చూడగానే "ఇది మాదే" అని ఆగుతుంది.

విషయం సరిగ్గా చిన్నదైందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇది. "ఎవరు, ఏ నెలలో, ఏం చూసి దీన్ని వెతుకుతారు?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రావాలి. "మేడ మీద కుండీల్లో మిరప వేసినవాళ్లు, వానలు తెరిపిచ్చి ఎండ కాసే రోజుల్లో, లేత ఆకులు పైకి ముడుచుకోవడం చూసి." ఇలా వాక్యం పూర్తయితే విషయం సిద్ధమైనట్టే. "మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు, ఎప్పుడైనా" అని వస్తే ఇంకా కోయాలి.

ఆ వాక్యంలో నెల ఎందుకంటే, తోట పని కార్తెలను బట్టి నడుస్తుంది. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. విత్తనాల గురించి పోస్టు అప్పటికి రెండు వారాల ముందే, రోహిణి కార్తె ఎండల్లోనే పెట్టాలి. జనం మట్టి కలుపుకోవడం, సంచులు కొనుక్కోవడం అప్పుడే చేస్తారు. జులైలో పెడితే బాగుందని లైకు కొట్టి వెళ్లిపోతారు, విత్తేది మాత్రం ఏమీ ఉండదు.

3. ట్యాగును వాడే ముందు తెరిచి చూడండి

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. ట్యాగు పేరు చూసి వాడేస్తారు. పేరు కాదు, దాని లోపల ఏముందో చూడాలి.

సెర్చ్‌లో ట్యాగు కొట్టి, పైన కనబడే మొదటి తొమ్మిది పోస్టులు చూడండి. మూడు సంగతులు గమనించండి. అవి మీ విషయం గురించేనా? మీ భాషవాళ్లవేనా? ఈ మధ్యవేనా? తొమ్మిదిలో ఐదారు పోస్టులకు మూడూ సరిపోతే ఆ ట్యాగు మీది. లేకపోతే అది ఎంత పెద్దదైనా వదిలేయండి.

మిరప పోస్టుకు సహజంగా తోచే మాట #mirchi. తెరిచి చూస్తే అందులో ప్రభాస్ 2013 సినిమా ఉంటుంది, ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది, మిర్చి బజ్జీల బండి ఉంటుంది. మీ ఆకు ముడత అక్కడ ఎవరికీ అక్కర్లేదు. #thota కొడితే తోట అనే ఇంటిపేరున్నవాళ్ల పెళ్లి ఫొటోలు కలిసొస్తాయి. #chilli ప్రపంచమంతటి వంటలది. #gardening లో తప్పేమీ లేదు కానీ, అందులోకి నిమిషానికెన్నో పోస్టులు వచ్చి పడతాయి. తెలుగు మాటలున్న మీ రీల్ అర్థం కానివాళ్లకు కనబడి, వాళ్లు వెంటనే పైకి తోసేస్తే మీకు నష్టమే. చూసినవాళ్లు ఆగకుండా వెళ్లిపోతున్నారంటే, ఇది ఇంకొందరికి చూపాల్సిన పోస్టు కాదని ఆ యాప్ అనుకుంటుంది. ఎవరికి కనబడ్డామన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట, ఎంతమందికి కనబడ్డామన్నదే కాదు.

ఇక #middethota తెరవండి. కుండీలు, గ్రో బ్యాగులు, వర్మీకంపోస్టు, తెలుగు మాటలు. ఇదీ మన సందు.

మరీ చిన్న ట్యాగుకూ ఒక హద్దు ఉంది. లోపల పది పోస్టులే ఉండి, చివరిది రెండేళ్ల కిందటిదైతే అక్కడికి ఎవరూ రారు. మీరు సొంతంగా కట్టుకున్న ట్యాగు కూడా అంతే. ఒక సిరీస్ పోస్టులన్నీ ఒకచోట దొరకడానికి అది పనికొస్తుంది, కొత్తవాళ్లను మాత్రం తీసుకురాదు.

4. ఐదు ట్యాగులు, ఐదు పనులు

ఐదే ఉన్నాయి కాబట్టి ఒకే అర్థమున్న రెండిటిని పెట్టి చోటు వృథా చేయకూడదు. పై ముడత పోస్టుకు నేనైతే ఇలా పెడతాను:

```
#middethota #మిద్దెతోట #ChilliLeafCurl #TeluguGardening #HyderabadTerraceGarden
```

మొదటిది మన గుంపు పేరు, ఇంగ్లిషు అక్షరాల్లో. రెండోది అదే గుంపు తెలుగు లిపిలో. అర్థం ఒకటే అయినా వెతికేవాళ్లు వేరు, అందుకే ఈ ఒక్క చోట జంటకు చోటిచ్చాను. మూడోది సమస్య. నాలుగోది భాషను చెబుతుంది. ఐదోది ఊరు, అంటే వాతావరణం. మీది విశాఖ అయితే అక్కడ విశాఖ పేరు రావాలి, సముద్రపు గాలిలో పెరిగే మొక్క బాధలు వేరు కదా. ఈ ఐదింటినీ మీరు వాడే రోజున పైన చెప్పినట్టు తెరిచి చూసుకోవాల్సిందే. ట్యాగు లోపలి సరుకు నెలనెలా మారుతుంది.

ఊరి ట్యాగు ఎంత ముఖ్యమో డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లను చూస్తే తెలుస్తుంది. వాళ్లూ గోంగూర, మిరప, దోస వేస్తారు, మన భాషలోనే వెతుకుతారు. కానీ అక్కడ చలికాలపు చివరి మంచు మార్చి మధ్య దాకా ఉంటుంది. మిరప విత్తనాలు జనవరి, ఫిబ్రవరిలో ఇంట్లోనే మొలకెత్తించి తర్వాత బయట పెడతారు. "మృగశిరకు విత్తండి" అన్న మీ పోస్టు వాళ్లకు దారి తప్పిన ఉత్తరం. వాళ్లకోసం రాస్తే ఆ ఊరి ట్యాగు, ఆ నెల. రాయకపోతే హైదరాబాద్ అని స్పష్టంగా పెట్టడం వాళ్లకూ మేలే.

తెలుగు లిపి ట్యాగుల దగ్గర కొన్ని గుంటలున్నాయి. #మిద్దె తోట అని మధ్యలో ఖాళీ వదిలితే ట్యాగు #మిద్దె దగ్గరే ఆగిపోతుంది, తోట మామూలు మాటగా మిగిలిపోతుంది. చిన్న గీత పెట్టినా అంతే. కలిపి రాయాలి, లేదా కింద గీత వాడాలి. #మిద్దెతోట, #మిద్దె_తోట, #మిద్దెతోటలు మూడూ మూడు వేర్వేరు గదులు. ఏ గదిలో జనం ఉన్నారో చూసి ఒకటి పట్టుకోండి.

ఇంకో గుంట కంటికి కనబడదు. ఇన్‌స్టాగ్రామ్, టెర్రస్‌గార్డెన్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కిందికి ఒత్తుగా జారకుండా కీబోర్డు ఒక కనబడని అక్షరాన్ని పెడుతుంది. ఒకరి ఫోన్ పెడుతుంది, ఇంకొకరి ఫోన్ పెట్టదు. అప్పుడు రెండు ట్యాగులూ ఒకటే కావు, కొన్నిసార్లు ట్యాగు మధ్యలోనే తెగుతుంది. అందుకే తెలుగు ట్యాగుకు పొల్లు మధ్యలో రాని అచ్చ తెలుగు మాటే మేలు. మిద్దెతోట అలాంటి మాట. పోస్టు చేశాక ట్యాగు మీద ఒకసారి వేలితో నొక్కండి. మీరనుకున్న పేజీ తెరుచుకుంటే సరి.

ఇంగ్లిషు అక్షరాల్లో పెద్దా చిన్నా తేడా లేదు. #MiddeThota, #middethota ఒకే చోటికి వెళ్తాయి. అయితే ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది చేస్తే కళ్లు కనబడనివాళ్లకు ఫోన్ చదివి వినిపించేటప్పుడు మాటలు విడివిడిగా పలుకుతుంది. చిన్న పనే, చేయండి.

5. అసలు మాట క్యాప్షన్ మొదటి వరుసలో

ట్యాగులు సరిగ్గా పెట్టి, క్యాప్షన్‌లో "నా బంగారు తల్లి 🌶️" అని రాస్తే పని సగమే అయినట్టు. ఇన్‌స్టాగ్రామ్ సెర్చ్ క్యాప్షన్ మాటలను కూడా చూస్తుంది. వెతికితే దొరకాలంటే ట్యాగులూ, మాటలూ కామెంట్లో కాకుండా క్యాప్షన్‌లోనే ఉండాలని ఆ సంస్థే 2021లో చెప్పింది. మొదటి కామెంట్లో ట్యాగులు దాచే పాత అలవాటు ఉంటే మానేయండి.

పై ముడత పోస్టుకు క్యాప్షన్ ఇలా మొదలవ్వొచ్చు:

"మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయా? (mirapa aaku mudatha) లేత ఆకు తిప్పి, తెల్ల కాగితం మీద తట్టి చూడండి. సన్నని నూలుపోగు ముక్కల్లాంటివి పాకుతుంటే అది తామర పురుగు."

మొదటి వాక్యం వెతికేవాళ్ల ప్రశ్న. కుండలీకరణంలో ఉన్నది నోటుపుస్తకంలో గీతలు పడ్డ రూపం. తర్వాతిది ఇప్పటికిప్పుడు చేయగలిగే పని. రీల్ అయితే ఇదే ప్రశ్నను వీడియో మీద పెద్ద అక్షరాల్లో వేసి, మొదటి మూడు సెకన్లలో నోటితో కూడా అనండి. నమస్కారాలు, ఛానెల్ పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ముడిచిన ఆకు మొదట కనబడాలి, నవనవలాడే కాయలు కాదు. కాయలు చూసి మెచ్చుకుంటారు, ముడిచిన ఆకు చూసి ఆగుతారు.

యూట్యూబ్‌లో అయితే బరువంతా శీర్షిక మీద ఉంటుంది. వివరణలో పెట్టిన ట్యాగుల్లో మూడింటిదాకా శీర్షిక దగ్గర కనబడతాయి కాబట్టి గుంపు పేరు, సమస్య, భాష చాలు.

6. ఎవరికి చేరిందో చూడండి

అకౌంటును ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఇన్‌సైట్స్ తెరుచుకుంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు. పబ్లిక్‌గా ఉండాలి, లేకపోతే ట్యాగు పేజీలో మీ పోస్టు బయటివాళ్లకు రాదు. పోస్టు పెట్టిన వారానికి చూడండి, గంటగంటకూ కాదు.

లైకులు పక్కన పెట్టండి. చూసినవాళ్లలో ఫాలోవర్లు కానివాళ్లు ఎందరు? సేవ్ చేసుకున్నవాళ్లు ఎందరు? ఇంకొకరికి పంపినవాళ్లు ఎందరు? కొత్తవాళ్లకు చేరడానికి లైకుల కంటే పంపడమే ఎక్కువ బరువున్న గుర్తని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సెరి 2025 మొదట్లో చెప్పారు. తోట పోస్టుల్లో అది అర్థమయ్యే సంగతే. ఆకు ముడత రీల్ చూసిన కోడలు దాన్ని అత్తగారికి పంపుతుంది.

నేను అంకెల కంటే కామెంట్ల భాష చూస్తాను. "నైస్ పిక్", మూడు చప్పట్ల బొమ్మలు వస్తే పోస్టు తప్పు వీధికి వెళ్లింది. "మాది నిజామాబాద్, నారు నాటి నెలయ్యింది, ఇలాగే ఉంది, ఎన్ని రోజులకోసారి కొట్టాలి" అని వస్తే సరైన ఇంటి తలుపు తట్టినట్టు.

బయటివాళ్లు బాగా చూసి, సేవ్‌లు లేకపోతే తప్పు ట్యాగుది కాదు. పోస్టు చేరింది, జవాబు సరిపోలేదు. బయటివాళ్లే లేకపోతే విషయం పెద్దదై ఉండాలి, లేదా మొదటి వరుసలో ప్రశ్న లేదు. ముందు అది మార్చండి, ట్యాగులను తర్వాత మార్చండి. రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒకే రకం పోస్టులు నాలుగైదు పెట్టాకే ఒక అభిప్రాయానికి రండి. ఒక్క పోస్టు వర్షం పడ్డ రోజు పెట్టినందుకే ఎండిపోవచ్చు.

అలా చూస్తుండగా ఏదో ఒక రోజు పై ముడత పోస్టు కింద ఒకావిడ రాస్తుంది: "అక్కా, మాది పైకి కాదు, కిందికి ముడుచుకుంటోంది. వేపనూనె రెండుసార్లు కొట్టినా తగ్గలేదు." ఆవిడకు అక్కడే జవాబు చెప్పి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో ఎక్కించండి. మీ తర్వాతి పోస్టు మొదటి వరుస అదే.